కటాఫ్ పేరు చెప్పి వేధించే మేనేజర్: ఎలా గుర్తించాలి, ఎలా ఆపించాలి

నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీల్లో, చీమకుర్తి గ్రానైట్ ఎగుమతి ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి గడువు అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఓడ ఎవరి కోసమూ ఆగదు. కంటైనర్ పోర్టు గేటులోకి ఎన్ని గంటల్లోపు వెళ్లాలో, కాగితాలు షిప్పింగ్ లైన్‌కి ఎప్పటిలోగా అందాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. దాన్నే అందరూ కటాఫ్ అంటారు. నాణ్యత సంగతీ అంతే. 21/25 కౌంట్ అని పెట్టె మీద రాస్తే పౌనుకి 21 నుంచి 25 రొయ్యలే తూగాలి. తేడా వస్తే కొన్నవాడు ఊరుకోడు.

అందుకే ఇలాంటి చోట మేనేజర్ అరిచినా, రాత్రి పదింటికి ఫోన్ చేసినా "పనే అలాంటిది" అని సర్దుకుపోతాం. చాలాసార్లు అది నిజం కూడా. కానీ ఆ నిజం చాటున ఒకే మనిషిని నెలల తరబడి నలిపేసేవాళ్లు ఉన్నారు. వాళ్లని పట్టుకోవడం కష్టం. ఎవరు అడిగినా "నాకు పని పర్ఫెక్ట్‌గా కావాలి, అంతే" అంటారు. వినేవాళ్లకి అందులో తప్పేమీ కనిపించదు. నలిగేవాళ్లు కూడా లోపం తమలోనే ఉందనుకోవడం మొదలుపెడతారు.

ఎగుమతి కంపెనీలో డాక్యుమెంటేషన్ డెస్క్‌ని ఉదాహరణగా తీసుకుని, ఈ వేధింపును ఎలా తేల్చుకోవాలో, ఎలా ఆపించుకోవాలో వరసగా చెబుతాను. గడువులతో నడిచే ఏ ఆఫీసుకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

మొదటి అడుగు: కఠినత్వం ఏది, వేధింపు ఏది

మేనేజర్ గొంతు ఎంత పెద్దదో చూసి తేల్చకండి. గొంతు పెంచకుండానే మనిషిని కుంగదీసేవాళ్లు ఉంటారు, అరిచినా మనసులో ఏమీ పెట్టుకోనివాళ్లూ ఉంటారు. మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలా వరకు తేలిపోతుంది.

గడువు ఆయనకి ఎప్పుడు తెలిసింది, మీకు ఎప్పుడు చెప్పారు? ఇది అన్నిటికన్నా ముఖ్యం. కటాఫ్‌ని పెట్టేది షిప్పింగ్ లైన్, మేనేజర్ కాదు. లైన్ పంపిన మెయిల్‌కి తేదీ, టైము ఉంటాయి. మెయిల్ వచ్చిన గంటలో మీకు పంపితే ఆ ఒత్తిడి ఓడది. సోమవారం వచ్చిన మెయిల్‌ని మంగళవారం సాయంత్రం దాకా తన దగ్గరే ఉంచుకుని, అప్పుడు "రాత్రికల్లా అయిపోవాలి" అంటే ఆ ఒత్తిడి ఆయన తయారుచేసింది. పనిచోట వేధింపుని కొలవడానికి నార్వే పరిశోధకుడు స్టోలే ఐనార్సెన్ బృందం తయారుచేసిన 22 అంశాల ప్రశ్నావళి చాలా దేశాల్లో వాడుకలో ఉంది. అందులో మొదటి అంశం తిట్టు కాదు, అరుపు కాదు. మీ పనిని దెబ్బతీసేలా సమాచారం మీకు అందకుండా చేయడం.

రెండోది: కొలబద్ద ముందే చెప్పారా, తప్పు పట్టడానికి అప్పటికప్పుడు తయారుచేశారా? క్వాలిటీ హెడ్ లాట్ వెనక్కి పంపితే ఆయన చేతిలో కొనుగోలుదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ ఉంటుంది. అది అందరికీ ఒకటే. వేధించేవాళ్ల దగ్గర కొలబద్ద మీరు పని ఇచ్చాక పుడుతుంది, మీకొక్కరికే వర్తిస్తుంది.

మూడోది: పని సరిగ్గా అయ్యాక ఏం జరుగుతుంది? కఠినమైన మనిషి అయితే తప్పు దిద్దగానే విషయం అక్కడితో ఆగిపోతుంది, మరుసటి రోజు మామూలుగానే పలకరిస్తాడు. వేధించే మనిషికి పని పూర్తవడంతో సంబంధం లేదు. అది సరిగ్గా వస్తే ఇంకోటి వెతుకుతాడు. ఎంత బాగా చేసినా ఊపిరి తీసుకునే రోజు ఒక్కటీ రాకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఒక్క చెడ్డ వారాన్ని చూసి నిర్ణయానికి రాకండి. పట్టుబడులు జోరుగా సాగే రోజుల్లో ప్లాంట్‌లో అందరికీ టెన్షన్‌గానే ఉంటుంది. ఈ రంగంలో తొలినాటి పరిశోధకుడు హైంజ్ లేమాన్ వారానికి ఒకసారైనా, ఆరు నెలల పాటు జరగడాన్ని కొలతగా పెట్టుకున్నాడు. అది అధ్యయనం కోసం పెట్టిన కొలత. మీరు ఆరు నెలలు భరించాలని దాని అర్థం కాదు. నాలుగు వారాల నోట్సు చాలు, తీరు తెలిసిపోతుంది. కులం పేరు ఎత్తి తిట్టినా, ఒంటి మీద చెయ్యి వేసినా, లైంగికంగా మాట్లాడినా ఒక్కసారే ఎక్కువ. వాటికి ఈ లెక్కలేవీ అక్కర్లేదు.

రెండో అడుగు: నాలుగు వారాల నోట్సు

"సార్ నన్ను టార్చర్ పెడుతున్నారు" అని ఎవరితో చెప్పినా మొదట వచ్చే ప్రశ్న "ఏం చేశారు?" అనే. అప్పుడు చెప్పబోతే అన్నీ చిన్న విషయాల్లా వినిపిస్తాయి. ఈ వేధింపు చిన్న చిన్న ముక్కలుగా జరుగుతుంది కాబట్టి ముక్కలన్నీ ఒకచోట పెడితే తప్ప దాని రూపం కనిపించదు.

సొంత నోటుబుక్ ఒకటి పెట్టుకోండి. కంపెనీ లాప్‌టాప్‌లో రాయకండి, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. జరిగిన రోజే రాయండి. మీ బాధను కాదు, జరిగినదాన్ని రాయండి. ఒక రోజు నోట్సు ఇలా ఉండాలి:

"బుధవారం. కాగితాల కటాఫ్ ఈరోజు మధ్యాహ్నం 2:00. లైన్ మెయిల్ సార్‌కి వచ్చింది సోమవారం ఉదయం 10:40. నాకు ఫార్వర్డ్ చేసింది మంగళవారం సాయంత్రం 6:15. నేను పూర్తిచేసి పంపింది రాత్రి 9:20. బుధవారం ఉదయం 9:30కి వాట్సాప్ గ్రూపులో 'నీకు డిగ్రీ ఎవరిచ్చారమ్మా' అన్నారు. ఏ లైన్‌లో తప్పుందని అడిగాను, చెప్పలేదు. 11:00కి అదే కాగితం ఏ మార్పూ లేకుండా లైన్‌కి వెళ్లింది. గ్రూపులో ఆరుగురు ఉన్నారు."

మెయిల్ ఆయనకి ఎప్పుడొచ్చిందో ఎలా తెలుస్తుందంటే, ఫార్వర్డ్ చేసిన మెయిల్ కింద అసలు మెయిల్ వచ్చిన తేదీ, టైము ఉంటాయి. చాలామంది అక్కడిదాకా దిగి చూడరు. ఈ రకం మేనేజర్‌ని పట్టించే ఆధారాల్లో దీన్ని మించింది లేదు.

ఆయన బాగా మాట్లాడిన రోజులూ రాయండి. మీరు నిజంగా తప్పు చేసిన రోజులూ రాయండి. అవి లేని నోట్సు చదివిన యజమానికి పగతో రాసినట్టు అనిపిస్తుంది. వాట్సాప్ విషయంలో స్క్రీన్‌షాట్‌లతో సరిపెట్టుకోకుండా, తేదీలతో సహా చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. ఫోన్ మార్చే ముందు ఈ పని తప్పకుండా చేయండి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆధారాల కోసం ఇన్వాయిసులు, కొనుగోలుదారుల మెయిల్స్ మీ సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. ధరలు, కస్టమర్ల వివరాలు బయటికి పంపావని మీ మీదే చర్య తీసుకునే అవకాశం వాళ్ల చేతిలో పెట్టినట్టవుతుంది. తేదీ, టైము, సబ్జెక్ట్ లైన్ నోటుబుక్‌లో రాసుకుంటే చాలు. విచారణ జరిగితే అసలు మెయిల్‌ని కంపెనీ సర్వర్ నుంచే తీయించవచ్చు.

మూడో అడుగు: నోట్సులో ఏముందో లెక్కగట్టడం

కోవూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి, ముత్తుకూరు దారిలోని కంపెనీలో డాక్యుమెంటేషన్ చూస్తుందనుకుందాం. నాలుగు వారాల్లో ఆమె 11 కంటైనర్ల కాగితాలు చేసింది. నోట్సు తిరగేస్తే 7 కంటైనర్లకి కటాఫ్ మెయిల్ ఆమెకి అందడానికి ఒక రోజుకి పైగా ముందే మేనేజర్‌కి వచ్చింది. పక్క సీటు అన్నకి మాత్రం ఆయన కంటైనర్ల మెయిల్స్ అదే రోజు అందుతున్నాయి.

ఇదే నాలుగు వారాల్లో ఆమె కాగితాల్లో 9 దిద్దుబాట్లు చెప్పారు. వాటిని మూడు కుప్పలుగా విడదీయాలి. రెండు నిజంగా ఆమె తప్పులు, కార్టన్ల సంఖ్య తప్పు పడింది. నాలుగు ఆమెకి ఎవరూ చెప్పని విషయాలు. ఉదాహరణకి సరుకు వివరంలో రొయ్య శాస్త్రీయ నామం ఉండాలని కొనుగోలుదారు అడిగిన మెయిల్ మేనేజర్ దగ్గరే ఆగిపోయింది. మిగిలిన మూడు, మార్చమని ఆయనే చెప్పి, మార్చాక మళ్లీ మొదటిలాగే పెట్టించినవి.

ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది బాధ ఒక్కటే కాదు, వివరం. తొమ్మిదిలో రెండు తనవని ఒప్పుకుంటుంది కాబట్టి మిగతా ఏడు గురించి చెప్పేది నమ్ముతారు. కుప్పలు వేసినప్పుడు ఎక్కువ భాగం మీ తప్పులే అని తేలితే అదీ తెలియాల్సిందే. అప్పుడు కావాల్సింది ఫిర్యాదు కాదు, పని నేర్చుకునే టైము, నేర్పే మనిషి. అయితే తప్పులు మీవైనా సరే, నలుగురిలో అవమానించే హక్కు ఎవరికీ లేదు. దాన్ని వేరుగా అడగాలి.

నాలుగో అడుగు: ఆయన చేతిలోని ఆయుధం తీసేయడం

పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లే ముందు చేయాల్సిన పని ఇది. సమాచారాన్ని పట్టి ఉంచడం వల్లే ఆయనకి బలం వస్తోంది. ఆ సమాచారం నేరుగా మీకు చేరే దారి అడగండి. ఫిర్యాదులా కాకుండా పని సౌకర్యం కోసం అడిగినట్టే మెయిల్ పెట్టండి:

"సార్, లైన్ నుంచి వచ్చే కటాఫ్ మెయిల్స్ డాక్యుమెంటేషన్ కామన్ మెయిల్‌కి కూడా కాపీ వచ్చేలా చేస్తే డ్రాఫ్టులు ముందే సిద్ధం చేయగలం. మీకు వీలుపడుతుందా?"

ఒప్పుకుంటే సమస్యలో సగం అక్కడే తీరిపోతుంది. నిజంగా పని భారం వల్లే మెయిల్స్ ఆలస్యంగా పంపుతున్న మేనేజర్ అయితే సంతోషంగా ఒప్పుకుంటాడు. "నాకు నేర్పుతున్నావా?" అని జవాబొస్తే దాన్ని కూడా నోట్సులో రాయండి. కంపెనీకి పైసా ఖర్చు లేని ఏర్పాటును ఎందుకు వద్దన్నారనే ప్రశ్నకి తర్వాత ఆయనే జవాబు చెప్పుకోవాలి.

నోటితో చెప్పిన ప్రతి మార్పుకీ వెంటనే ఒక చిన్న మెసేజ్ పెట్టడం అలవాటు చేసుకోండి. "సార్, మీరు చెప్పినట్టు వివరంలో ఈ లైన్ మార్చి 4:10కి పంపాను. ఇంకేమైనా ఉంటే 5:00 లోపు చెప్పగలరా, 6:00కి కటాఫ్ ఉంది." ఇందులో ఎక్కడా ఎదిరింపు లేదు. అయినా రేపు "నేను అలా చెప్పలేదు" అనడానికి దారి ఉండదు. ఒకేసారి మూడు పనులు మీద పడేస్తే "ఏది ముందు చేయమంటారు సార్? మూడూ చేస్తే మొదటిది రాత్రి 8:00కి అవుతుంది" అని రాతలో అడగండి. ఏది ముందో తేల్చే బాధ్యత ఆయన మీదే ఉంటుంది.

అందరి ముందూ "ఏందమ్మా ఇది, ఈ మాత్రం చూసుకోలేవా" అని మొదలుపెట్టినప్పుడు సంజాయిషీ చెప్పడం మొదలుపెట్టకండి. అది ఎంత చెప్పినా పెరుగుతూనే ఉంటుంది. "ఏ లైన్‌లో తప్పుందో చూపించండి సార్, ఇప్పుడే దిద్దుతాను" అన్న ఒక్క మాట మీదే నిలబడండి. నిజంగా తప్పుంటే చూపిస్తారు, పని ముందుకు సాగుతుంది. చూపించలేకపోతే అక్కడున్న వాళ్లందరికీ విషయం అర్థమవుతుంది. ఏడుపొస్తే బయటికి వెళ్లి నీళ్లు తాగి రండి. అందులో చిన్నతనమేమీ లేదు.

పక్క సీటువాళ్లకి ఒక మాట. మేనేజర్‌తో గొడవ పడమని మిమ్మల్ని ఎవరూ అడగరు. ఆ రోజు ఏం జరిగిందో మీరూ రెండు లైన్లు రాసి పెట్టుకోండి. మీకొచ్చిన మెయిల్ వాళ్లకి రాకపోతే పంపండి. "నిన్న సార్ అన్నమాట బాగాలేదు" అని ఆ మనిషికి ఒక్కసారి చెప్పండి. లోపం తనదే అనే అనుమానం కాస్త తగ్గుతుంది.

ఐదో అడుగు: ఒక పేజీ ఫిర్యాదు

మూడు నాలుగు వారాలు పైవన్నీ చేసినా తీరు మారకపోతే పైకి వెళ్లాల్సిందే. మన వైపు చాలా కంపెనీలు కుటుంబాలు నడిపేవి. హెచ్‌ఆర్ అంటే జీతాలు, హాజరు చూసే ఒక మనిషి. మేనేజర్ యజమానికి బంధువో, పదేళ్ల నమ్మకస్తుడో అయి ఉంటాడు. అలాంటి చోట "నన్ను బాధపెడుతున్నారు" అంటే "సర్దుకో అమ్మా, ఆయన మనసు మంచిది" అనే జవాబే వస్తుంది.

కాబట్టి కంపెనీకి అవుతున్న నష్టంతో మొదలుపెట్టండి. ఆలస్యంగా అందిన సమాచారం వల్ల, సరుకు తీసుకున్నట్టు లైన్ ఇచ్చే పత్రం బిల్ ఆఫ్ లేడింగ్‌ని దిద్దాల్సి వస్తే లైన్ ఫీజు వసూలు చేస్తుంది. కటాఫ్ దాటితే కంటైనర్ తర్వాతి ఓడకి పోతుంది. రొయ్యల కంటైనర్ ఆగినన్ని రోజులూ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచాలి, దానికి కరెంటు చార్జీలు పడతాయి. యజమానికి ఇవి వెంటనే అర్థమయ్యే మాటలు.

పేజీలో మొదటి పేరా ఈ నష్టం. రెండో పేరాలో లెక్క: 11 కంటైనర్లలో 7కి మెయిల్ ఆలస్యం, 9 దిద్దుబాట్లలో 2 నావి. మూడో పేరాలో నలుగురిలో అన్న మాటలు రెండే రెండు, తేదీలతో, ఉన్నవి ఉన్నట్టుగా. చివర మీకు ఏం కావాలో అడగండి: కటాఫ్ మెయిల్స్ కామన్ మెయిల్‌కి రావాలి, దిద్దుబాట్లన్నీ ఒకేసారి రాతలో ఇవ్వాలి, తప్పులుంటే గ్రూపులో కాకుండా విడిగా చెప్పాలి. "ఆయన్ని తీసేయండి" అని రాయకండి. ఆ కోరిక చూడగానే యజమాని ఆయన పక్షం చేరిపోతాడు. "సైకో", "శాడిస్ట్" లాంటి మాటలు ఒక్కటి ఉన్నా చదివేవాళ్ల చూపు లెక్క మీద నుంచి మీ కోపం మీదికి మళ్లుతుంది.

మెయిల్‌లో పంపండి. కాగితం ఇస్తే రెండో కాపీ మీద సంతకం, తేదీ తీసుకోండి. ఫిర్యాదుకి ముందే పాత అప్రైజల్ లెటర్లు, మెచ్చుకోలు మెసేజ్‌లు మీ దగ్గర దాచుకోండి. ఎందుకంటే ఫిర్యాదు తర్వాత కక్ష చాలాసార్లు నిశ్శబ్దంగా వస్తుంది. తిట్లు ఆగిపోయి, పని ఇవ్వడం మానేస్తారు, సెలవులు ఆపుతారు, రేటింగ్ తగ్గిస్తారు. అందుకే నోట్సు మరో రెండు నెలలు కొనసాగించాలి. నిజంగా మారితే అదీ నోట్సులోనే కనిపిస్తుంది, మెయిల్ వచ్చిన టైముకీ మీకు అందిన టైముకీ మధ్య దూరం తగ్గుతుంది.

చట్టం ఎక్కడిదాకా తోడొస్తుంది

మేనేజర్ వేధింపులన్నిటికీ కలిపి ఒక ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. కొన్ని రకాలకి మాత్రం గట్టి రక్షణ ఉంది. మహిళలపై లైంగిక వేధింపు ఉంటే 2013 చట్టం కింద, పదిమంది అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థైనా, ఫిర్యాదు యజమాని మీదైనా జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. జరిగిన మూడు నెలల్లోపు రాతలో ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు ఇవ్వగలదు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 నాటి అట్రాసిటీ చట్టం వర్తిస్తుంది. బెదిరిస్తే పోలీసు ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇరవై మంది అంతకన్నా ఎక్కువమంది కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. సూపర్‌వైజర్, మేనేజర్ స్థాయి వాళ్లకి అది వర్తించకపోవచ్చు.

ఇవేవీ సరిపోవని అనిపించినా, ఒకసారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగి చూడండి. న్యాయ సహాయం నంబరు 15100. మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ సహాయం దొరుకుతుంది. నిద్ర పట్టక, ఆఫీసు పేరు వింటేనే గుండె దడ వచ్చే స్థితిలో ఉంటే ముందు 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడొచ్చు.

వెళ్లిపోవాలని నిర్ణయించుకుంటే

కొన్ని చోట్ల ఏం చేసినా మారదు. మేనేజర్ యజమాని ఇంటి మనిషే అయి, ఫిర్యాదుకి నెల గడిచినా ఒక్క మాట రాకపోతే వేరే ఉద్యోగం చూసుకోవడమే సరైన పని. కానీ తిట్టిన రోజు రాజీనామా రాయకండి. గదిలో కూర్చోబెట్టి "ఇప్పుడే రాసివ్వు" అంటే "ఇంట్లో మాట్లాడి రేపు మెయిల్ చేస్తాను సార్" అని లేచి రండి. ఒత్తిడి పెడితే ఆ సాయంత్రమే జరిగింది జరిగినట్టు హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు ఎన్ని రోజులుందో చూసుకుని దాని ప్రకారం ఇవ్వండి. చేరినప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఉంటే రాజీనామా మెయిల్‌లోనే వాటిని తిరిగి ఇవ్వమని అడగండి. రిలీవింగ్ లెటర్, చివరి జీతం లెక్క కూడా అదే మెయిల్‌లో అడగాలి. పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీని కంపెనీ నమోదు చేయకుండా సతాయిస్తే, చివరి పీఎఫ్ జమ పడిన రెండు నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు.